ఐదు కిలోల పెట్టె, ఏడు కిలోల బాడుగ

మా మామిడి తోట వడమాలపేటకు అవతల, పుత్తూరు రోడ్డు నుంచి లోపలికి వెళ్తే వస్తుంది. మూడెకరాల్లో ఎక్కువ భాగం తోతాపురి. బోరు పక్కన మాత్రం నలభై దాకా బేనిషా, అంటే బంగినపల్లి చెట్లున్నాయి. తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది, బేనిషా మండీకి. డిగ్రీ అయ్యాక నేను తిరుపతిలో ఒక లాడ్జి రిసెప్షన్‌లో కూర్చునేవాణ్ణి. ఆ ఏడాది కాయ కోతలప్పుడు సెలవు పెట్టి నాయనతో మండీకి వెళ్లాను. వెళ్లకపోయి ఉంటే ఇంకా లాడ్జిలోనే తాళాలు ఇస్తూ ఉండేవాణ్ణేమో.

మండీలో బేనిషా కిలో ఇరవై రెండు రూపాయలు పలికింది. పలికించింది మేం కాదు. వ్యాపారి ఒక కాయ తీసి, వాసన చూసి, మళ్లీ కుప్పలోకి విసిరి, గుమాస్తా చేతి మీద తువ్వాలు కప్పి వేళ్లు నొక్కాడు. ధర కుదిరిపోయింది. తూకం వేశాక టన్నుకు ఇన్ని కిలోలని సూటు తీసేశారు. సూటు అంటే తరుగు. కాయ కుళ్లినా కుళ్లకపోయినా తీస్తారు. ఆపైన కమీషన్, ఆపైన హమాలీ. నేను ఉండబట్టలేక, "కాయలన్నీ బాగుండాయి గదా, తరుగు ఎందుకు?" అని అడిగాను.

వ్యాపారి నా వైపు చూడకుండా నాయనతో అన్నాడు, "నీ కొడుకా? సదువుకున్నోడు మాదిరుండాడే."

నాయన నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నా ఒళ్లు మండిపోయింది. ఎవరు ఎంత అవమానించినా అట్లా నవ్వి, చీటీ మడిచి జేబులో పెట్టుకునే మనిషి ఆయన. టెంపోలో వస్తూ, "ఇంక ఈడికి రావద్దు నాయనా" అన్నాను. "మరి యాడికి పోతాం?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. ఆ రాత్రి ఫోన్లో వెతికితే ఒక ఆన్‌లైన్ అంగడి ప్రకటన కనిపించింది. రైతు నేరుగా అమ్ముకోవచ్చు, దళారి లేడు, దేశమంతా కొనేవాళ్లే అని. నమ్మాను. ఆ కోపంలో ఏం చెప్పినా నమ్మేవాణ్ణి.

చేరడం కష్టం కాలేదు. పాన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ అడిగారు. రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లోనే తీసుకున్నాను. తాజా పండ్లకు జీఎస్టీ లేదు కాబట్టి ఆ నంబరు లేకుండానే ఒక డిక్లరేషన్ పెట్టి పనైంది. ఫొటోలు కావాలన్నారు. కాయల ఫొటోలు తీశాను. రైతు ఫొటో ఉంటే నమ్మకం పెరుగుతుందని సలహా కూడా ఇచ్చారు. నాయనను చెట్టు కింద నిలబెట్టాను. ఆయన లోపలికి వెళ్లి పెళ్లిళ్లకు వేసుకునే చొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

ధర పెట్టడంలో మాత్రం నాకు తెలిసింది సున్నా. అంగడి తెర మీద మిగతావాళ్లు ఎంతకు అమ్ముతున్నారో చూపిస్తుంది. ఐదు కిలోల పెట్టె నాలుగు వందల యాభై నుంచి ఆరు వందల దాకా ఉంది. 'డెలివరీ ఉచితం' అని పెడితే పైన కనిపిస్తావని చెప్పింది. నేను 449 పెట్టి, ఉచితం అన్నాను. ఇంట్లో లెక్క చెప్పాను: కిలోకు తొంభై పడుతుంది, మండీలో ఇరవై రెండు. ఖర్చులు పోయినా రెట్టింపు మిగులుతుంది.

మా అమ్మ చాటలో బియ్యం ఏరుతూ, "ఆ ఖర్చులు ఎంతని ఎవురన్నా జెప్పినారా?" అంది.

"పర్సెంటు జెప్పినారు లేమ్మా."

"దేంట్లో పర్సెంటు?"

ఆర్డర్లు రావడం మొదలయ్యాక ఆ ప్రశ్న మరిచిపోయాం. మొదటి వారంలో ముప్పైకి పైగా వచ్చాయి. బెంగుళూరు, హైదరాబాదు, చెన్నై, ఒకటి పుణె. చిక్కం కట్టిన గెడతో నాయన కాయ నేల తగలకుండా కోసేవాడు. రెండంగుళాల తొడిమ ఉంచి కోసి, తర్వాత తొడిమ తుంచి కాయను బోర్లించి సొన కారనివ్వాలి. సొన తొక్క మీద పడితే నల్లమచ్చ వస్తుంది, మచ్చ పడిన కాయను ఎవరూ తీసుకోరు. కడిగి, ఆరబెట్టి, వరిగడ్డి పరిచి, పుత్తూరులో కొన్న అట్టపెట్టెల్లో సర్దాం. అమ్మ ఒక్కో కాయకు పాత పేపరు చుట్టింది. పికప్ కుర్రాడు బండి మీద వచ్చి, స్కాన్ చేసి తీసుకుపోయేవాడు. పండుగలాగా గడిచింది ఆ వారం.

పదిరోజులకు డబ్బులు పడ్డాయి. బ్యాంకు మెసేజ్ చూసి తప్పు పడిందనుకున్నాను. సైట్‌లోకి వెళ్లి ఒక్క పెట్టె లెక్క విప్పి చూశాను. ధర 449. కమీషన్ 45. స్థిర రుసుము 20. డెలివరీ 210. ఆ మూడింటి మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ, దాదాపు 50. పండుకు పన్ను లేదు, పండును అమ్మిపెట్టినందుకు పన్ను ఉంది. చేతికొచ్చింది 124. అందులో అట్టపెట్టె, పేపరు, గడ్డి కలిపి మాకైన ఖర్చు అరవై. మిగిలింది అరవై నాలుగు. ఐదు కిలోలకు. కిలో పదమూడు రూపాయలు కూడా పడలేదు.

మండీ వ్యాపారి ఇరవై రెండు ఇచ్చాడు, అదీ మమ్మల్ని కించపరిచి. వీళ్లు స్వాగతం అని చెప్పి, దండం బొమ్మ పెట్టి, పదమూడు ఇచ్చారు.

డెలివరీ 210 ఎందుకైందో తెలుసుకోవడానికి ఒక పూట పట్టింది. పెట్టె మొత్తం తూకం ఆరు కిలోలు కూడా లేదు. వాళ్లు ఏడు కిలోలకు వేశారు. సహాయం అన్న చోట నొక్కితే మనిషి కాదు, ఒక చాట్‌బాట్, అదే సమాధానం మళ్లీ మళ్లీ. చివరికి నిబంధనల అడుగున దొరికింది. కొరియరు వాడు తూకం ఒక్కటే చూడడు, పెట్టె ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా చూస్తాడు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి ఐదు వేలతో భాగిస్తే వచ్చేది చోటు తూకం. అసలు తూకం, చోటు తూకం, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి బాడుగ. మా పెట్టె నలభై ఐదు, ముప్పై ఐదు, ఇరవై రెండు. గుణించి భాగిస్తే ఆరు పాయింట్ తొమ్మిది. పైకి లెక్కగట్టి ఏడు. అంటే పుత్తూరులో నేను కొన్న పెట్టె పెద్దదైనందుకు ప్రతి ఆర్డరు మీదా గాలికి బాడుగ కట్టాను.

ఇది కాక క్యాష్ ఆన్ డెలివరీ ఒకటి. ఐదారుగురు ఆర్డరు పెట్టి, పెట్టె గుమ్మం దాకా వచ్చాక వద్దన్నారు. పోయేటప్పటి బాడుగా మా మీదే, తిరిగొచ్చేటప్పటి బాడుగా మా మీదే. తిరిగొచ్చిన పెట్టె విప్పితే ఈగలు లేచాయి.

ఆ మధ్యాహ్నం నాయన అన్నాడు, "మండీవోడే నయం. వాడు మొగం మీద దోస్తాడు."

ఆ మాట నన్ను కోసింది. అందుకే మానలేదు. మానితే వాడి ముందర మళ్లీ నిలబడాలి.

పెట్టె మార్చాను. రేణిగుంటలో అట్టపెట్టెలు చేసే ఆయన దగ్గర కొలతలు ఇచ్చి చేయించాను. నలభై, ఇరవై ఎనిమిది, పన్నెండు. గాలి ఆడడానికి పక్కల బొక్కలు. రెండు వరసలుంటే పై కాయ బరువుకు కింది కాయ నలుగుతుంది, కాబట్టి ఒకే వరస, తొమ్మిది కాయలు, మూడు కిలోలు. చోటు తూకం మూడు కిలోల లోపే వస్తుంది, అసలు తూకం మూడున్నర లోపు. ఇప్పుడు బాడుగ మేం పంపే బరువుకే. క్యాష్ ఆన్ డెలివరీ ఆపేశాను. పండినవి కాదు, ముదిరిన పచ్చికాయలే పంపడం, ఇంట్లో నాలుగు రోజులు గడ్డిలో పెట్టుకోండని చీటీ వేయడం మొదలుపెట్టాను. సోమ, మంగళ, బుధవారాలు తప్ప పంపలేదు, శని ఆదివారాల్లో గోడౌన్లో మగ్గకుండా. రెండు రోజుల్లో చేరుతుందని సైట్ చెప్పే ఊళ్లకే అమ్మకం పెట్టాను. పుణె తీసేశాను.

ధర మళ్లీ వేశాం. ఈసారి కింద నుంచి పైకి. కాయకు మాకెంత రావాలో ముందు రాశాను, దాని మీద పెట్టె, పేపరు, బాడుగ, పాడయ్యేవాటికి కొంత, ఆ మొత్తం మీద కమీషన్, కమీషన్ మీద పన్ను. అమ్మ పక్కనే కూర్చుంది. "కోసినోళ్ల కూలి యాడ రాసినావు?" అంది.

"కోసింది నాయనే గదా."

"ఆయప్పకు కూలి వద్దా? నాకు?"

అదీ రాశాను. మూడు కిలోల పెట్టె 540 అయింది. కిలో నూట ఎనభై. నాయన కాగితం వైపు చూసి లేచి నిలబడ్డాడు.

"మామిడికాయ కిలో నూట ఎనభై అని ఎట్ట అడుగుతావురా? దోపిడీ అంటారు."

"అందులో మనకొచ్చేది సగం గూడా లేదు నాయనా."

"కొనేవాడికి అది కనపడదు. నా మొగమే కనపడతాది. ఆడ నా ఫొటో పెట్టుండావు."

ఆయనకు మండీలో మోసపోవడంలో లేని సిగ్గు, సరైన ధర చెప్పడంలో ఉంది. ఆ రోజు నేను గట్టిగా అరిచాను. ఆయనా అరిచాడు. ధర మార్చలేదు. ఆర్డర్లు తగ్గాయి, ఆగిపోలేదు.

నిజమైన దెబ్బ తర్వాత వారం తగిలింది. చెన్నైకి ఒకే రోజు పద్నాలుగు పెట్టెలు వేశాను. చెన్నై మాకు మూడు గంటల దారి. తిరుపతి నుంచి చెన్నై పోయే బస్సులు మా వడమాలపేట మీదుగానే పోతాయి. రెండో రోజు ఉదయం పెట్టెలు ఎక్కడున్నాయో ఫోన్లో చూశాను. తిరుపతి గోడౌన్‌లోనే ఉన్నాయి. మూడో రోజూ అక్కడే. సహాయంలో అడిగితే, మీ సహనానికి కృతజ్ఞతలు అని వచ్చింది. నాలో సహనం అనేది ఎప్పుడో అయిపోయింది. బండేసుకుని పోయాను.

రేణిగుంట రోడ్డులో ఒక రేకుల షెడ్డు అది. లోపల వేడికి చెవులు గుయ్యిమన్నాయి. మా పెట్టెలు ఒక మూల ఉన్నాయి, వాటి మీద ఎవరిదో మిక్సీల పెట్టెలు పేర్చి ఉన్నాయి. మామిడి వాసన షెడ్డంతా కమ్మేసింది. సూపర్‌వైజర్ నాకంటే ఒకటి రెండేళ్లు పెద్దవాడు, చొక్కా మొత్తం తడిసి ఉంది.

"ఇవి మామిడికాయలప్పా. పైన మిక్సీలు పెడతారా?" అన్నాను.

"అన్నిటికీ ఒకటే స్టిక్కరబ్బా. యాడ రాసుండాది మామిడి అని?"

పెట్టె నాలుగు పక్కలా రాసి ఉంది. చూపించాను. వాడు చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

"బండి నిండితే గానీ కదలదు. నిన్న నిండలే. ఈ రాత్రి బెంగుళూరు పోతాయిలే."

"బెంగుళూరా? ఇవి చెన్నైవి."

"తెలుసు. చెన్నైకి ఈడ్నుంచి మాకు బండి లేదు. బెంగుళూరు పోయి, ఆడ వేరు చేసినాక చెన్నై పోతాయి. ఎప్పుడూ అంతే."

తూర్పున మూడు గంటల్లో ఉన్న ఊరికి మా కాయలు పడమటికి పోయి, మళ్లీ వెనక్కి వచ్చి చేరాలి. మరి రెండు రోజులని సైట్ ఎందుకు చెప్పింది? వాడిని అడిగాను. "రాసేది వాళ్లు. మోసేది మేము" అన్నాడు. వాడి కాలర్ పట్టుకోవాలని చెయ్యి లేచింది. కానీ వాడికి రోజుకు ఇన్ని పార్సిళ్లు కదలకపోతే జీతంలో కోత అని పక్కనున్న పిల్లాడు చెప్పాడు. నా కోపం ఎవరి మీద వేయాలో తెలియక ఎండలో బండి పక్కన చాలాసేపు నిలబడ్డాను. పెట్టెలు వెనక్కి ఇమ్మంటే ఇవ్వనన్నాడు. స్కాన్ అయిన సరుకు వాళ్లదట.

పద్నాలుగింట్లో తొమ్మిది పాడైపోయి చేరాయి. వాటికి డబ్బు వాపసు ఇచ్చింది మేమే, బాడుగ కట్టిందీ మేమే. సైట్ తన కమీషన్లో కొంత వెనక్కి వేసి, దాన్ని ఉపకారంలాగా రాసింది. పికప్ నాటి ఫొటోలు, గోడౌన్‌లో తీసినవి, తేదీలు కనపడే స్క్రీన్‌షాట్లు అన్నీ పెట్టి అప్పీలు చేశాను. రెండు పెట్టెలకు నష్టం ఇచ్చారు. మిగతావి 'త్వరగా పాడయ్యే సరుకు' కిందికి వస్తాయని కొట్టేశారు. త్వరగా పాడయ్యే సరుకని చేర్చుకునే రోజున తెలియదా వాళ్లకు?

వీటన్నిటికంటే నన్ను కుదిపింది ఒక రివ్యూ. ఒకే ఒక్క స్టారు. కింద కుళ్లిన కాయల ఫొటో. 'రైతు ఫొటో పెట్టి మోసం. కుళ్లింది అంటగట్టారు.' ఆ మాటకు పైన మా నాయన, పెళ్లి చొక్కాలో. నాయనకు చూపించకూడదనుకున్నాను. మా వీధిలో ఎవరో ముందే చూపించేశారు. ఆయన ఆ పూట అన్నం తినలేదు.

రివ్యూ రాసింది ఆ చెన్నై పెట్టెల్లో ఒకటి కొన్నామె. ఆమె నంబరు ఆర్డరు చీటీ మీద ఉంది. ఫోన్ చేశాను. తిట్టడానికే చేశాను.

"మా నాయనను మోసగాడంటారా? గోడౌన్‌లో మూడు రోజులు కుళ్లబెట్టింది ఎవురో మీకు తెలుసునా?" అన్నాను.

"నాకెట్ట తెలుస్తుంది తమ్ముడూ?" అంది ఆమె. చెన్నై తెలుగు. ఆమెకూ కోపంగానే ఉంది. "మా అమ్మది నగరి. ఆసుపత్రి నుంచి వచ్చి, బేనిషా తినాలని ఉందంది. డబ్బు ముందే కట్టి తెప్పించినాను. పెట్టె విప్పితే రసం కారి నా చీరంతా పాడైంది. ఎవరిని అడగాల నేను? ఫొటోలో ఉన్నది మీ నాయన."

నేను గోడౌన్ సంగతి, బెంగుళూరు సంగతి చెప్పాను.

"చెన్నై పోవడానికి బెంగుళూరు పోతుందా?" అంది. మరుక్షణం ఆమె కూడా తిట్టడం మొదలుపెట్టింది, ఈసారి వాళ్లను. ఇద్దరం ఒకరినొకరు తిట్టుకోవడానికి ఫోన్ ఎత్తి, చివరికి ఒకే పక్క నిలబడ్డాం. ఆమే అంది, "మీ ఊరి మీద మా ఊరికి బస్సులు వస్తాయి గదా. బస్సులో వేసెయ్యి. ఈడ మాధవరం బస్టాండులో నేను తీసుకుంటా."

నాకు ఆ ఆలోచన రాలేదు. ప్రతి రోజూ ఆ బస్సులు చూస్తూ కూడా రాలేదు. మరుసటి రోజు తెల్లవారి కోసి, పుత్తూరు బస్టాండులో పార్సిల్ కౌంటరు దగ్గర రెండు పెట్టెలు ఇచ్చాను. తూకం వేసి, రసీదు ఇచ్చి, ఆమె నంబరు రాసుకున్నారు. బాడుగ కొరియరు దానిలో మూడో వంతు కూడా కాలేదు. బస్సు నంబరు ఆమెకు పంపాను. మధ్యాహ్నానికల్లా ఆమె పెట్టె పట్టుకుని ఫొటో పంపింది. కాయలు గట్టిగా, పచ్చగా ఉన్నాయి. నాలుగు రోజుల తర్వాత వాళ్లమ్మ తింటున్న ఫొటో వచ్చింది. రివ్యూ తీసేసింది. నేను అడగలేదు.

తర్వాత వారం ఆమె తన అపార్ట్‌మెంట్ వాళ్లందరివీ కలిపి ఆర్డరు పెట్టింది. ఒకే చోటికి పోతే పెట్టెకు బాడుగ ఇంకా తగ్గుతుంది. కమీషన్ లేదు. 540 పెట్టెను 420కి ఇచ్చినా మాకు ముందుకంటే ఎక్కువే మిగిలింది. డబ్బు ముందు, కోత తర్వాత. ఎన్ని పెట్టెలకు డబ్బు వస్తే అన్ని కాయలే కోశాం, మిగతాది చెట్టు మీదే ఉంచాం. ఆన్‌లైన్ అంగడిలో మా పేజీ ఉంచాను, కానీ ఒక్క రోజులో చేరే ఊళ్లకే. వాట్సాప్‌లో పెట్టిన ఫొటోలు ఒకరి నుంచి ఒకరికి పోయాయి.

సీజను చివర్లో ఒకాయన తిరుపతి నుంచి కారులో తోటకే వచ్చాడు. ఫొటో చూసి వచ్చానన్నాడు. నేను ఊళ్లో లేను, జరిగింది అమ్మే చెప్పింది. కాయలు చూసి, మెచ్చుకుని, "మండీలో ఇరవై రెండే గదా పెద్దాయనా, నాకు ముప్పైకి ఇయ్యి. కారులో నేనే తీసుకపోతా, నీకు బాడుగ లేదు" అన్నాడట.

నాయన చిక్కం పక్కన పెట్టాడట. "మండీలో ఇరవై రెండుకు ఇస్తే నేను మోసపోయినట్టు. నువ్వు ముప్పై ఇస్తే నన్ను ఉద్ధరించినట్టా? తోటలో అయితే కిలో నూరు. ఇష్టముంటే తీసుకో" అన్నాడట. ఆ మనిషి కారెక్కి వెళ్లిపోయాడు. అమ్మ, "ఒక పదన్నా తగ్గించి ఉంటే అమ్ముడుపోయేది" అని నాతో గొణిగింది. చివరి కోతలో మిగిలిన నాలుగు గంపలూ మరుసటి రోజు పుత్తూరు సంతలో సగం ధరకు పోయాయి.

బేనిషా ఇట్లా అమ్ముకోవచ్చు, నలభై చెట్లది కాబట్టి. తోతాపురి టన్నుల్లో కాస్తుంది. దాన్ని పెట్టెల్లో సర్ది ఎవరికీ పంపలేం. ఫ్యాక్టరీ గేటు ముందు ఇప్పటికీ ట్రాక్టర్ల వరసలో నిలబడుతున్నాం, రెండు రాత్రులు కూడా. ఆన్‌లైన్‌లో రైతు బాగుపడ్డాడని ఎవరైనా ఉపన్యాసం ఇస్తే నాకు ఆ వరసే గుర్తొస్తుంది. లాడ్జి ఉద్యోగం మానేశాను. బస్సు పార్సిల్ కౌంటరులో ఉండే ఆయనకు మా పెట్టెల కొలతలు కంఠతా వచ్చేశాయి. మామిడి కాలం వచ్చిందంటే ఆయన మా పెట్టెల కోసం ఒక బల్ల ఖాళీ చేసి పెడతాడు, పైన ఇంకేమీ పెట్టనివ్వడు.